అర్జీ కాదు, ఉత్తరం

సోమవారం పొద్దున సుబేదారిలో కలెక్టరాఫీసు దిక్కు నడిస్తే, చేతుల్లో కాగితాలు పట్టుకుని వచ్చే మనుషులు కనబడతారు. ఆ రోజు ప్రజావాణి. భూమి పట్టా కోసం ఒకరు, పింఛను కోసం ఒకరు, బోరు కోసం ఇంకొకరు వస్తారు. మేము చదివిన యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ కూడా సుబేదారిలోనే ఉంది. అందుకే డిగ్రీ మూడేళ్లూ ఆ కాగితాల మధ్య నుంచే నడిచాం. మా తండాల నుంచి, గూడేల నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల అర్జీలు మేమే రాసేవాళ్లం. మా ఇళ్లలో ఉత్తరాలు రాసుకునే అలవాటు లేదు. మాకు తెలిసిన రాత అంతా అర్జీయే. పైన ‘గౌరవనీయులైన’, నడుమ కష్టాలు, కింద ‘తమరి దయతో’.

చివరి సంవత్సరంలో ఒక కంపెనీకి ఉత్తరం రాయాల్సి వచ్చినప్పుడు కూడా మా చెయ్యి అదే దారిలో పోయింది. ఆ దారి ఎందుకు పనికిరాలేదో, తర్వాత ఏం మార్చామో, మా తర్వాత వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్లకు చదువు చెప్పే టీచర్లకు చెప్పాలని ఇది రాస్తున్నాం.

మేము అయిదుగురం. ముగ్గురం లంబాడీలం, ఇద్దరం కోయలం. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు చేయాలి. లైబ్రరీలో కూర్చుని పాత ప్రాజెక్టు చూసి రాసేయవచ్చు, చాలామంది చేసేది అదే. మేము మాత్రం ఎక్కడైనా పని జరిగే చోట కొన్నాళ్లు ఉండాలనుకున్నాం. డిగ్రీ అయ్యాక ‘ఏం చేయగలవు’ అని ఎవరైనా అడిగితే మార్కుల మెమో కాకుండా ఇంకేదైనా చూపించాలి కదా.

ముందు ప్రకటనల కోసం వెతికాం. కేంద్ర ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం చూశాం. అప్పటి నిబంధనల ప్రకారం అది ఏడాది పాటు పెద్ద కంపెనీల్లో చేయాల్సి ఉండేది. రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకు కాకుండా, చదువు ముగిసినవాళ్లకు ఉండేది. మా ఊరి చుట్టుపక్కల ఉన్న చిన్న సంస్థలైతే ఇంటర్న్‌లు కావాలని ఎక్కడా ప్రకటించలేదు. అంటే అవకాశం లేదనే అనుకున్నాం.

ఆ మాట మా మనసులోంచి తీసేసింది మా తండా అన్న ఒకాయన. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో కాంటా దగ్గర లెక్కలు రాస్తాడు. ‘పని ఉంటది పిల్లా, పోస్టు అనేదే ఉండదు’ అన్నాడు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి ముంచుకొస్తుంది. అప్పుడు ఉన్న మనుషులకు తినడానికి కూడా తీరిక ఉండదు. అయినా రెండు నెలల కోసం పేపర్లో ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూలు పెట్టే ఓపిక ఆ చిన్న సంస్థలకు ఉండదు. పని ఉంది కానీ దానికి ఒక పేరు, ఒక కుర్చీ లేవు. ప్రకటన లేదంటే అర్థం అదే.

మాలో కెమిస్ట్రీ చదివే స్నేహితురాలికి ఇది సరిగ్గా తగిలింది. వాళ్ల ఇంట్లో మూడెకరాల్లో మిర్చి వేస్తారు. ఆ మిర్చిని కొని, పొడి చేసి, బయటి దేశాలకు పంపే సంస్థలకు ల్యాబ్‌లు ఉంటాయని ఆమెకు అప్పటికే తెలుసు. అలాంటి ల్యాబ్‌లకు రాద్దామని కూర్చున్నాం. మొదట రాసింది ఇది:

‘గౌరవనీయులైన మేనేజర్ గారికి, నేను మారుమూల తండాకు చెందిన నిరుపేద గిరిజన విద్యార్థినిని. ఎన్నో కష్టాలకు ఓర్చి డిగ్రీ చదువుతున్నాను. మీ ప్రఖ్యాత సంస్థలో ఏదైనా ఇంటర్న్‌షిప్ అవకాశం ఉంటే దయచేసి కల్పించగలరని ప్రార్థిస్తున్నాను. ఏ పని ఇచ్చినా కష్టపడి, నిజాయితీగా చేస్తాను. తమరి మేలు జన్మలో మరువను.’

దీన్ని ఇంగ్లీషులోకి మార్చి, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్ అన్నీ స్కాన్ చేసి జతచేసి, తొమ్మిది చిరునామాలకు ఒకే రోజు పంపాం. రెండు మెయిళ్లు వెంటనే `Address not found` అని తిరిగొచ్చాయి. ఏడింటికి జవాబు లేదు. రెండు వారాల తర్వాత పంపినవన్నీ తెరిచి చూస్తే, ఒకదాంట్లో వేరే సంస్థ పేరు అలాగే ఉండిపోయింది. ఆ తప్పు మాదే. కాపీ చేసి పేరు మార్చడం మరిచిపోయాం.

ఆ ఉత్తరం తీసుకెళ్లి మా కెమిస్ట్రీ మేడానికి చూపించాం. ఆమె చదివి ఒకే ప్రశ్న వేసింది. ‘ఇది చదివి ఆయన ఇప్పుడు ఏం చెయ్యాలమ్మా?’

మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న దగ్గరే మాకు అర్జీకి, ఉత్తరానికి ఉన్న తేడా అర్థమైంది. అర్జీ తీసుకోవడం అధికారి బాధ్యత. దాని మీద నంబరు వేస్తారు, సంబంధిత శాఖకు పంపుతారు. ఏం చేయాలో వెతుక్కునే పని అధికారిది. అందుకే అందులో మన కష్టం చెబితే సరిపోతుంది. కంపెనీలో మన మెయిల్ తెరిచిన మనిషికి ఆ బాధ్యత లేదు. ‘ఏదైనా అవకాశం’ అని అడిగితే ఆ ‘ఏదైనా’ ఏమిటో ఆయన కూర్చుని ఆలోచించాలి, ఓనరును అడగాలి, హెచ్చార్‌ను అడగాలి. అంత శ్రమ ఎవరూ పడరు. మన మీద కోపం ఉండి కాదు. మెయిల్ పక్కన పెట్టి తన పనిలోకి పోతాడు, అంతే.

కాబట్టి ఉత్తరం రాసేవాళ్లే ఆ ఆలోచన పూర్తి చేసి ఇవ్వాలి. చదివే మనిషి తన పైవాళ్లను అడగకుండా, తన కుర్చీలోంచే ‘సరే’ అనగలిగేంత చిన్న పని అడగాలి. ఇంటర్న్‌షిప్ అనే మాట పెద్దది, దానికి ఓనరు సంతకం కావాలి. మూడు వారాలు శాంపిళ్లు సిద్ధం చేయడంలో సాయం అంటే ల్యాబ్ ఇన్‌ఛార్జి ఒక్కడే ఒప్పుకోగలడు. ఈ ఒక్క సంగతి పట్టుకున్నాక మిగతావి వాటంతట అవే సర్దుకున్నాయి.

ముందు ఎవరికి రాయాలో తేల్చుకున్నాం. వెబ్‌సైట్‌లో కనిపించే సాధారణ చిరునామాకు రాస్తే అది ఆర్డర్లు చూసే గుమాస్తా దగ్గర ఆగుతుంది. మనకు కావాల్సింది ఆ పని చేయించే మనిషి. పరీక్షల ల్యాబ్‌లకైతే దీనికి ఒక మంచి దారి ఉంది. దేశంలో ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ సంస్థ తన వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన ల్యాబ్‌ల వివరాలు ఉంచుతుంది. ఒక్కో ల్యాబ్ ఏ వస్తువుకు, ఏ పరీక్ష, ఏ పద్ధతిలో చేయడానికి గుర్తింపు పొందిందో ఆ జాబితా కూడా అందులో ఉంటుంది. అది చదివితే లోపల ఏం పని జరుగుతుందో గేటు దాటకుండానే తెలుస్తుంది. ఆ గుర్తింపు లేని చిన్న సంస్థలకు మేము వేరే దారి పట్టాం. గేటు దగ్గరికి పోయి, ‘ల్యాబ్ ఎవరు చూస్తారు అన్నా, ఆయన్ను ఏమని పిలుస్తారు’ అని వాచ్‌మన్‌ను అడిగాం. పేరు, ఫోను నంబరు అడిగితే ఇవ్వడు, ఇవ్వకపోవడమే సరైంది. ‘ఇన్‌ఛార్జి సారు పొద్దున పదింటికి వస్తడు, కాగితం ఇస్తే పైకి పంపుత’ అన్నాడు ఒకాయన. మాకు అది చాలు.

ఈసారి తొమ్మిదికి కాదు, నాలుగింటికే రాశాం. ఒక్కో ఉత్తరానికి ఒక పూట పట్టింది. ముందు తెలుగులో రాసుకున్నాం. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో నేర్చింది ఒకటి, కంపెనీలో నడిచేది ఇంకొకటి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే మేము చెప్పాలనుకున్నది కాకుండా మాకు వచ్చిన వాక్యాలే రాస్తున్నాం అని గమనించాం. తెలుగులో మాట తేలాక ఇంగ్లీషులోకి మార్చి మేడానికి చూపించాం. స్నేహితురాలి ఉత్తరం తెలుగు రూపం ఇది:

‘విషయం: ఫిబ్రవరిలో మూడు వారాలు మిర్చి శాంపిళ్ల పనిలో సాయం – బీఎస్సీ చివరి సంవత్సరం విద్యార్థిని

ల్యాబ్ ఇన్‌ఛార్జి గారికి నమస్కారం.

నేను సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మీ ల్యాబ్‌లో మిర్చికి తేమ, రంగు పరీక్షలు చేస్తారని మీ గుర్తింపు జాబితాలో చూశాను.

ఫిబ్రవరి 2 నుంచి 21 వరకు, మా ప్రాజెక్టు పనికి ఇచ్చిన మూడు వారాలు, శాంపిళ్లు సిద్ధం చేయడంలో మీకు సాయపడుతూ నేర్చుకునే వీలుంటుందా?

కాలేజీలో ద్రావణాలు తయారుచేయడం, టైట్రేషన్, కలరీమీటర్ రీడింగులు తీయడం చేశాను. స్పెక్ట్రోఫోటోమీటర్ మీద ఇంతవరకు పని చేయలేదు. మా ఇంట్లో మిర్చి పండిస్తాం. కాయ ఏరడం, కల్లంలో ఆరబెట్టడం, తాలు వేరు చేయడం చిన్నప్పటి నుంచి నా పనే.

మూడు వారాలు వీలుకాకపోతే, ఒక పూట వచ్చి శాంపిల్ తీసే పద్ధతి చూసి వెళ్లడానికి అనుమతిచ్చినా చాలు. నా వివరాలు ఒక పేజీలో జతచేశాను. వచ్చే బుధవారం ఉదయం 11 తర్వాత ఒకసారి ఫోన్ చేయవచ్చా?’

కింద పేరు, ఫోన్ నంబరు. అంతే. ఫోన్ తెరమీద ఒకటి రెండుసార్లు వేలితో జరిపితే అయిపోతుంది.

ఇందులో ఏ మాట ఎందుకు ఉందో చెబుతాం. విషయం అన్న చోట మొదట ‘ఇంటర్న్‌షిప్ కోసం వినతి’ అని రాశాం. ఆ మాట చూస్తే మెయిల్ తెరవకుండానే ‘మా దగ్గర లేదు’ అనిపిస్తుంది. ఎప్పుడు, ఎన్నాళ్లు, ఏ పని, ఎవరు అన్న నాలుగూ విషయంలోనే వచ్చేస్తే, తెరవకముందే సంగతి సగం తెలిసిపోతుంది.

రెండో వాక్యం ఆ ల్యాబ్ గురించి. ‘మీ ప్రఖ్యాత సంస్థ’ అని ఎవరికైనా రాయవచ్చు. తేమ, రంగు పరీక్షలు చేస్తారని రాయాలంటే వాళ్ల జాబితా చదివి ఉండాలి. ఈ ఉత్తరం తమకే రాశారని ఆ వాక్యం వల్లే తెలుస్తుంది. పేరు మార్చి ఇంకొకరికి పంపితే ఆ వాక్యం అబద్ధమైపోతుంది. అందుకే మాకు అది ఒక పరీక్షగా కూడా పనికొచ్చింది. సంస్థ పేరు మార్చి పంపినా చెల్లే ఉత్తరమైతే, అది ఇంకా పూర్తి కాలేదని లెక్క.

స్పెక్ట్రోఫోటోమీటర్ మీద పని చేయలేదన్న వాక్యం మీద మాలో మాకు గొడవ అయింది. రానిది మనమే ఎందుకు చెప్పుకోవాలి అన్నాడు ఒకడు. మేడం మాత్రం ఉంచమంది. ‘ల్యాబ్ నడిపేవాళ్లకు భయమల్లా రానిది వచ్చని చెప్పేవాళ్లతోనే. తప్పు రీడింగు రాసి దాచిపెట్టేది వాళ్లే’ అంది. ఒక్క లోటు ఒప్పుకుంటే మిగతా మూడూ నిజమని నమ్ముతారు.

ఇక తండా మాట. మొదటి ఉత్తరంలో మా పుట్టుక ఒక కష్టంగా ఉంది. రెండో దాంట్లో గిరిజన అన్న మాటే లేదు. దాచామా అని మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. దాచలేదు. కులం సర్టిఫికెట్ ప్రభుత్వం ముందు మన హక్కుకు సాక్ష్యం, అక్కడ తప్పకుండా చూపాలి. ఈ ల్యాబ్‌లో ఆ హక్కు అడగడం లేదు, పని అడుగుతున్నాం. అక్కడ మన ఊరు మనకు నేర్పిన పని చూపాలి. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. కొత్తగా చేరిన వాళ్లకు అది గుర్తుపట్టడం నేర్పాలి. కాయ ఎండిందో లేదో గుప్పిట్లో పట్టి ఊపి, లోపల గింజల చప్పుడు విని చెప్పడం ఆమెకు వాళ్ల నాయన నేర్పాడు. కెమిస్ట్రీ డిగ్రీ చాలామందికి ఉంటుంది, కల్లం తెలిసిన కెమిస్ట్రీ విద్యార్థి అరుదు. మొదటి ఉత్తరంలో ‘మారుమూల’ అన్న మాట కింద ఈ తెలివంతా పూడ్చిపెట్టామని అప్పుడు తెలిసింది.

చివర్లో ‘ఒక పూట’ అన్న మాట ఉత్తరంలోని రెండో తలుపు. పెద్దది కాదనాల్సి వచ్చిన మనిషికి చిన్నదానికి ఔననడం తేలిక. అలాగే బుధవారం ఫోను మాట. ‘మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను’ అంటే మళ్లీ పని ఆయన మీదే పెట్టినట్టు. తర్వాతి అడుగు మనమే వేస్తామంటే ఆయన ‘సరే’ అన్నా చాలు, ఏమీ అనకపోయినా బుధవారం ఫోన్ చేయడానికి దారి ఉంటుంది.

జతచేసినది ఒకే ఒక పేజీ, పీడీఎఫ్‌లో. వర్డ్ ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు చెదిరిపోవచ్చు. ఫైలు పేరు ఆమె పేరే. ఆధార్, మెమోలు ఏవీ పంపలేదు. ముక్కూ మొహం తెలియని చిరునామాకు ఆధార్ పంపడం ఎంత పొరపాటో మొదటిసారి మాకు తోచనే లేదు. కాలేజీ నుంచి బోనఫైడ్ ఉత్తరం మాత్రం తీసి సిద్ధంగా పెట్టుకున్నాం, అడిగితే అదే రోజు ఇవ్వడానికి.

ఇవి డిసెంబరు రెండో వారంలో పంపాం. అది కూడా ఆలోచించే చేశాం. ఫిబ్రవరిలో రాస్తే మిర్చి బస్తాల మధ్య మెయిల్ చూసే తీరిక ఎవరికీ ఉండదు. అక్టోబరులో రాస్తే ‘అప్పుడు చూద్దాం’ అంటారు. సీజన్‌కు ఒకటిన్నర, రెండు నెలల ముందు ‘ఈసారి మనుషులు సరిపోతారా’ అన్న చింత మొదలవుతుంది. ఉత్తరం ఆ సమయానికి చేరాలి. మాలో బీకాం చదివే అతను ట్యాక్స్ కన్సల్టెంట్ల దగ్గరికి పోవాలనుకున్నాడు. అతని లెక్క వేరే. జీతాల వాళ్ల ఆదాయపు పన్ను రిటర్నులకు మామూలుగా జులై 31 గడువు ఉంటుంది కాబట్టి వాళ్ల ఒత్తిడి జూన్, జులైలలో. అతను రాయాల్సింది ఏప్రిల్ చివర, మే మొదట్లో. ఏ సంస్థకు రాసినా, వాళ్ల సంవత్సరంలో ఏ నెల బరువో కనుక్కోకుండా మన సెలవులను బట్టి రాస్తే ఉత్తరం ఎంత బాగున్నా లాభం లేదు.

నాలుగు ఉత్తరాల్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాం. రెండింటికి జవాబే లేదు. పది రోజులాగి, పాత మెయిల్ కిందే రెండు వాక్యాల్లో ఒక్కసారి గుర్తుచేశాం. అయినా లేదు. అక్కడితో వదిలేశాం. మూడోసారి గుర్తుచేస్తే అది అడగడం కాదు, వేధించడం. ఒకచోట నుంచి ‘మా ల్యాబ్‌లోకి బయటివాళ్లను రానివ్వం’ అని మర్యాదగా రాశారు. నాలుగో ల్యాబ్ నుంచి మూడో రోజుకే జవాబు వచ్చింది. కానీ ఆమె అప్పటికి కాయ ఏరడానికి తండాకు పోయింది. అక్కడ సిగ్నల్ దొరకాలంటే చెరువు కట్ట ఎక్కాలి. బుధవారం ఫోన్ చేస్తానని తనే రాసింది, ఆ బుధవారం దాటిపోయింది. శుక్రవారం కట్ట మీదికి పోయి మెయిల్ చూసి కంగారుపడింది. అక్కడి నుంచే ఫోన్ చేసి, ‘సార్, బుధవారం చేస్తానన్నాను, ఊళ్లో కోత వల్ల సిగ్నల్ అందలేదు, క్షమించండి’ అని ఉన్నమాట చెప్పింది. అప్పటి నుంచి మేము ఉత్తరంలో మా నంబరుతో పాటు, హాస్టల్‌లో ఉండే ఒక స్నేహితుల నంబరు కూడా, వాళ్లను అడిగి పెడుతున్నాం.

ఆ ఫోన్‌లో ఇన్‌ఛార్జి అడిగింది ఒక్కటే. ‘రంగు పరీక్షకు ఏ ద్రావకం వాడతారో తెలుసా?’ ఉత్తరంలో రంగు పరీక్ష అని రాసింది కాబట్టి ఆమె ముందే చదువుకుని ఉంది. అసిటోన్ అని చెప్పింది. మిర్చి పొడిని అసిటోన్‌లో వేసి చీకట్లో 16 గంటలు ఉంచి, తర్వాత 460 నానోమీటర్ల దగ్గర ఆ ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలుస్తారు. ఆ అంకెతో రంగు విలువ లెక్కకడతారు. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటా మిర్చికి పేరు తెచ్చింది కారం కాదు, ఆ ఎర్ర రంగే. ఉత్తరంలో ఏ మాట రాస్తే ఆ మాట మీదే ప్రశ్న వస్తుంది. జవాబు చెప్పలేని మాట ఉత్తరంలో ఉండకూడదు.

‘రామ్మా’ అన్నాక డబ్బు సంగతి. మొదటి ఉత్తరంలో స్టైపెండ్ మాట ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ ఓనరు దాకా పోవాలి. అలాగని అడగకుండా ఉండడమూ మాకు కుదరదు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని ఉచితంగా పని నేర్చుకునే స్థితి మాది కాదు. సుబేదారి నుంచి మార్కెట్ దిక్కు షేర్ ఆటోలకు పోను ముప్పై, రాను ముప్పై. 18 రోజులకు 1,080 రూపాయలు. ఆ లెక్క వేసుకుని, ఒప్పుకున్న తర్వాత ఒక వాక్యం రాసింది: ‘రాకపోకలకు రోజుకు 60 రూపాయలవుతాయి సార్, దానికి ఏదైనా వీలుంటుందా?’ ఆటో ఖర్చు ఇచ్చారు, మధ్యాహ్నం అన్నం అక్కడే. నెలలకు నెలలు కాకుండా మూడు వారాలే అడగడం వెనక మా లెక్క కూడా ఉంది. జీతం లేని పని ఎన్నాళ్లు మోయగలమో మనకు ముందే తెలియాలి. పరీక్షలయ్యాక హాస్టల్ మూసేస్తారు, వేసవి ఇంటర్న్‌షిప్ అంటే మాకు తల దాచుకోవడానికి గది కూడా వెతుక్కోవాలి. ఇంకో మాట. ఇంటర్న్‌షిప్ ఇస్తాం, ముందు ఫీజు కట్టమని ఎవరైనా అంటే ఆ మెయిల్‌కు జవాబు ఇవ్వవద్దు.

మూడు వారాల్లో ఆమె ఎక్కువగా చేసింది బస్తాల నుంచి తీసిన కాయను కలపడం, పొడి చేయడం, సీసాలకు చీటీలు అంటించడం. స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గర నిలబడింది నాలుగు రోజులే. కానీ పుస్తకంలో లేనిది ఒకటి నేర్చుకుని వచ్చింది. మిర్చి తేమను ఓవెన్‌లో ఎండబెట్టి కొలిస్తే నీటితో పాటు ఆవిరయ్యే నూనెలు కూడా పోయి, అదంతా తేమ లెక్కలోకి వచ్చేస్తుంది. అందుకని టోలీన్‌తో కాచి, బయటికొచ్చిన నీటిని మాత్రమే గాజు గొట్టంలో కొలుస్తారు. వాళ్ల నాయన గింజల చప్పుడు విని ‘ఎండింది’ అన్న కాయను ఒకరోజు తీసుకుపోయి, ఇన్‌ఛార్జిని అడిగి అలా పరీక్షించింది. ఆ ఫలితమే ఆమె ప్రాజెక్టులో మొదటి పేజీ అయింది. ఉద్యోగం అయితే ఇవ్వలేదు. చేసిన పనులు రాసి, సంతకం పెట్టిన ఒక కాగితం ఇచ్చారు.

టీచర్లకు ఒక విన్నపం. మా మేడం మా ఉత్తరం తను రాయలేదు. ‘ఇది చదివి ఆయన ఏం చెయ్యాలి’ అని అడిగి ఊరుకుంది, బోనఫైడ్ మీద అదే రోజు సంతకం చేయించింది. ఆ రెండూ చాలు. బోనఫైడ్ వారం ఆలస్యమైతే సీజన్ ఒక వారం పోతుంది.

ఇప్పటికీ సోమవారం ఊరివాళ్లు వస్తే వాళ్ల అర్జీలు రాస్తూనే ఉన్నాం. మొన్న ఒక పెద్దాయన పట్టా గురించి చెబుతుంటే, అలవాటుగా కష్టాలతో మొదలుపెట్టబోయి ఆగాం. ‘తాతా, ఈ కాగితం చూసి సారు ఏ పని చెయ్యాలె?’ అని అడిగాం. ఆయన కాసేపు ఆలోచించి, సర్వే నంబరు చెప్పాడు.